±3 గారి తరఫున వకాల్తా

ఎన్నికల సర్వే తప్పిందంటే చాలు, అంచనా ఇంత అటూ ఇటూ కావచ్చని చెబుతూ టీవీ తెర కింద చిన్న అక్షరాల్లో ఒదిగి కూర్చునే ‘±3 శాతం’ అనే మార్జిన్ మీద అందరూ విరుచుకుపడతారు. ఇది ఘోరమైన అన్యాయం. ఆయన తనకప్పగించిన పని ఎప్పుడూ చిత్తశుద్ధితోనే చేశారు. ఆ పనేమిటో మనమే అడగలేదు.

ఆయన జాతకం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఎంతమందిని అడిగారో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి, 98ని దానితో భాగించాలి. వెయ్యి వర్గమూలం 31.6, భాగిస్తే 3.1. అయిపోయింది. ప్రశ్న ఎలా అడిగారు, అడగాల్సిన కుర్రాడు నిజంగా ఎండలో తిరిగాడా లేక దర్శిని హోటల్లో కాఫీ తాగుతూ ఫారాలు తనే నింపేశాడా అన్న వివరాలకు ఈ సూత్రంలో చోటే లేదు. సర్వే మొదలుపెట్టకముందే మార్జిన్ ప్రకటించేయొచ్చు. ఇంతటి ముందుచూపు జ్యోతిష్కులకు కూడా లేదు.

ఆయన పూచీ ఇంతవరకే: ఓటర్లందరి పేర్లూ కలిపి కళ్లు మూసుకుని వెయ్యి చీటీలు తీసి, ఆ వెయ్యి మందీ దొరికి, నిజమే చెబితే, చీటీల అదృష్టం వల్ల వచ్చే తేడా ఇరవైలో పందొమ్మిది సార్లు 3.1 దాటదు. ఇరవయ్యోసారి దాటినా ఆయన మాట తప్పినట్టు కాదు.

బెంగళూరులో అలాంటి సర్వే ఒకటి జరిగిందనుకుందాం. కొబ్బరిబోండం పార్టీకి 42, పనసకాయ పార్టీకి 39. ‘మూడు శాతం ఆధిక్యం, మార్జిన్ కూడా మూడే, కాబట్టి గట్టిపోటీ’ అని యాంకరు గంభీరంగా అంటాడు. కానీ 3.1 అన్నది ఒక్కో పార్టీ వాటాకు విడివిడిగా వర్తించేది. ఒకరికి తగ్గినవి చాలామటుకు రెండోవారికి చేరతాయి కాబట్టి, ఇద్దరి మధ్య తేడాకు మార్జిన్ దాదాపు 5.6 అవుతుంది. అంటే బోండం 8.6 ముందుండొచ్చు, 2.6 వెనకబడీ ఉండొచ్చు. ఆ తర్వాత ‘తెలుగు ఓటరు ఎటు?’ అని అరగంట చర్చ. వెయ్యిలో తెలుగువాళ్లు 80 మందే అయితే వాళ్ల అంకెకు మార్జిన్ దాదాపు 11. తెర మీద మాత్రం ఆ 3 కదలదు.

ఇదంతా చీటీలు సవ్యంగా తీసినప్పటి మాట. అసలు చీటీల్లో ఎవరి పేరుందో చూడండి. మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడు సర్వే వాళ్లకు ఇట్టే దొరుకుతాడు. ఓటు నెల్లూరు జిల్లాలో ఉంటుంది. 2024లో బెంగళూరు ఏప్రిల్ 26న ఓటేస్తే, ఆంధ్రప్రదేశ్ మే 13న వేసింది. రెండో తేదీకి బస్సెక్కేవాడి అభిప్రాయాన్ని మొదటి తేదీ లెక్కలో కలిపితే ±3 గారేం చేస్తారు? ఎనిమిది వేల ఫోన్లు చేస్తే వెయ్యి మంది మాట్లాడారనుకోండి, మార్జిన్ ఆ వెయ్యికే కడతారు. ఫోన్ పెట్టేసిన ఏడు వేల మంది మనసు వేరే అయితే, ఆ తేడా ఈ అంకెలోకి రాదు. ఇంకో పదివేల మందిని అదే పద్ధతిలో అడిగితే మార్జిన్ తగ్గుతుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

దీనికి అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికల్లోనే ఘనంగా ప్రదర్శన జరిగింది. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపితే సుమారు 23 లక్షలు తిరిగొచ్చాయి. మన సూత్రం ప్రకారం మార్జిన్ 0.06 శాతం. రూజ్‌వెల్ట్‌కు 43 శాతమని పత్రిక తేల్చింది, జనం 61 దాకా వేశారు. పేర్లు తీసింది ఎక్కువగా ఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి, పైగా కార్డు తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్లు వేరే రకం మనుషులు.

సర్వేల్లో వచ్చే అసలు పొరపాటు, అచ్చువేసే మార్జిన్ సూచించేదానికి ఇంచుమించు రెట్టింపని అమెరికాలో నాలుగు వేలకు పైగా సర్వేలను ఫలితాలతో సరిపోల్చిన పరిశోధన 2018లో తేల్చింది. కాబట్టి మార్జిన్ కనిపించగానే మనసులో రెండుతో గుణించుకోవడం ఆరోగ్యానికి మంచిది. ఏ పద్ధతిలో ఎన్నుకున్నారో, ఎంతమంది పలికారో చెప్పని సర్వే అయితే గుణించే శ్రమ కూడా అనవసరం.

ఇక సీట్ల సంగతి. 2018లో కర్ణాటకలో కాంగ్రెస్‌కు 38 శాతం ఓట్లు, బీజేపీకి 36. సీట్లు మాత్రం 80, 104. ఓట్ల శాతాన్ని అణువంత తేడా లేకుండా పట్టుకున్న సర్వే కూడా అక్కడ బోర్లా పడేదే. అయినా ‘110 నుంచి 125’ అని తెర మీద మెరిసే సీట్ల రేంజి ఎక్కడి నుంచి వచ్చిందంటారా? ±3 గారిని అడక్కండి. ఆ ఇంటి గుమ్మం ఆయనెప్పుడూ తొక్కలేదు.