మూడు పేజీలకూ ‘గోదావరి వరద’ అనే లింకేనా?

గోదావరికి వరద వచ్చిన రోజుల్లో లంక గ్రామాల వాళ్లు ఫోన్‌లో వెతికేది ఒక్కటే: నీళ్లు ఇంకా పెరుగుతాయా, తగ్గుముఖం పట్టాయా? స్థానిక వార్తా సైట్ల కథనాల్లో లింకులకేమీ కొదవ ఉండదు. ఏ లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో మాత్రం నొక్కేదాకా తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సైట్లో మూడు పేజీలు ఉన్నాయి. మొదటిది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర హెచ్చరికలు ఎప్పుడు ఇస్తారో చెబుతుంది: 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండో పేజీలో ఎప్పటికప్పుడు మారే నీటిమట్టం ఉంటుంది. మూడోది 1986 ఆగస్టు వరద గురించి. కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్తలో ఈ మూడింటికీ లింకులిచ్చారు, మూడు చోట్లా ‘గోదావరి వరద తాజా వార్తలు ధవళేశ్వరం’ అన్న మాటలతోనే.

లింకులో కీవర్డ్ ఉంటే ఆ పేజీ సెర్చ్‌లో పైకి వస్తుందన్న నమ్మకమే దీనికి కారణం. అందులో కొంత నిజం ఉంది. లింకు మీది మాటలను బట్టి కూడా గూగుల్ అవతలి పేజీ దేని గురించో అర్థం చేసుకుంటుంది. సరిగ్గా అందుకే ఈ పద్ధతి ఎదురు తిరుగుతుంది. మూడు పేజీలకూ ఒకే పేరు పెడితే, ఆ మాటకు అసలు పేజీ ఏదో గూగుల్‌కూ తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు. ఒకే పేజీకి పదిచోట్ల ఒకే మాటతో లింకు ఇవ్వడం తప్పు కాదు. వేర్వేరు పేజీలకు ఒకే మాట వాడటమే తప్పు.

లింకు మాట రాసేముందు అవతలి పేజీ తెరిచి, అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూడాలి. ఆ జవాబుకు నాలుగైదు మాటల్లో పేరు పెట్టాలి. మన వార్తలో అది ఇలా మారుతుంది:

```
<!-- ముందు -->
<a href="/heccharika">గోదావరి వరద తాజా వార్తలు ధవళేశ్వరం</a> చూడండి.

<!-- తర్వాత -->
నీటిమట్టం <a href="/heccharika">ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక స్థాయిని</a> దాటింది.
```

రెండో వాక్యంలో లింకు తీసేసినా వార్త వార్తగానే నిలుస్తుంది. కీవర్డ్ ఇరికించిన వాక్యం అలా నిలవదు. తెలుగులో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సెర్చ్‌లో టైప్ చేసే రూపం చెదిరిపోకూడదని విభక్తులు తీసేసి రాస్తారు, దాంతో వాక్యం కుంటుపడుతుంది. ‘స్థాయిని’, ‘స్థాయిలకు’ అని వాక్యానికి తగ్గట్టే రాసి, ప్రత్యయంతో సహా మొత్తం మాటకు లింకు ఇవ్వండి. మాట మధ్యలో లింకు తెంచితే సగం మాట కింద గీత, సగం మాట ఖాళీగా కనిపిస్తుంది.

‘ఇదీ చదవండి’ అని శీర్షికనే లింకుగా పెట్టే అలవాటు మన సైట్లలో ఎక్కువ. ‘కాజ్‌వేపై రాకపోకలు బంద్’ లాంటి శీర్షికైతే ఏ ఇబ్బందీ లేదు. ‘లంకల్లో ఏం జరిగిందంటే?’ అన్నది మాత్రం ‘ఇక్కడ క్లిక్ చేయండి’ కన్నా మెరుగేమీ కాదు. స్క్రీన్ రీడర్ వాడే చూపులేని పాఠకులు చాలాసార్లు పేజీలోని లింకులను మాత్రమే జాబితాగా వింటారు. ఆ జాబితాలో ఇలాంటి మాటలు నాలుగు వరసగా వస్తే ఏది తెరవాలో వాళ్లకు తెలిసే దారే లేదు.

సెర్చ్ కన్సోల్‌లోని లింకుల నివేదిక మీ పేజీలకు సైట్ లోపలి నుంచి ఎన్ని లింకులు ఉన్నాయో చూపిస్తుంది కానీ, వాటి మీద ఏ మాటలున్నాయో చూపదు. అక్కడ కనిపించే లింకు మాటలు బయటి సైట్లవి. కాబట్టి మనమే చూసుకోవాలి. కథనం తెరిచి బ్రౌజర్ కన్సోల్‌లో ఇది నడిపితే చాలు (మీ థీమ్‌లో `article` ట్యాగ్ లేకపోతే ఆ మాట మార్చుకోండి):

```
document.querySelectorAll('article a').forEach(a =>
  console.log(a.textContent.trim(), a.href))
```

వచ్చిన జాబితాలో చిరునామాలను చేత్తో కప్పి, మాటలు మాత్రమే చదవండి. ప్రతి మాటకూ ఏ పేజీ వస్తుందో ఊహించగలిగితే సరే. ‘గోదావరి’ అన్న ఒక్క మాటే పదిసార్లు కనిపిస్తే, ఆ మాట వచ్చిన ప్రతిచోటా లింకు తగిలించే ప్లగిన్ ఏదో పనిచేస్తోందన్నమాట. నా దృష్టిలో దాన్ని ఆపేయడమే మేలు. సందర్భం చూడకుండా ఇచ్చే లింకు పాఠకుడికి ఎందుకూ పనికిరాదు.

వరద వార్తలకు ఇంకో చిక్కుంది. ‘తాజా నీటిమట్టం’ అన్న లింకు ఎప్పుడూ మారే పేజీకి వెళ్తేనే ఆ మాట నిజం. ఒక రోజు రాసి వదిలేసిన కథనానికి వెళ్తే ఆ తేదీ లింకులోనే ఉండాలి. లేదంటే మరుసటి ఏడాది జులైలో పాత వార్త తెరిచిన లంకవాసి నిరుటి అడుగులను ఇవాళ్టివి అనుకుంటాడు.