పోయిన నిమిషాలు ఎవరి ఖాతాలో?

మే నెలలో ఎంసెట్ మధ్యాహ్నం షిఫ్ట్ జరిగే ఏ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా ఈ దృశ్యం కొత్తది కాదు. ఈదురుగాలి మొదలవుతుంది, లైట్లు ఒక్కసారి రెపరెపలాడి ఆరిపోతాయి. యూపీఎస్‌లు కీచుమంటాయి. బ్యాటరీలు బాగున్న వరుసలో కంప్యూటర్లు నిలబడతాయి, పాతబడిన బ్యాటరీలున్న వరుసలో తెరలన్నీ నల్లబడతాయి. బయట జనరేటర్ అరనిమిషంలోనే అందుకున్నా, ఆగిన కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవాలి. ఇన్విజిలేటర్ వచ్చి సెంటర్ వాళ్లను పిలవాలి, విద్యార్థి మళ్లీ హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ కొట్టాలి. అరనిమిషం కరెంటు కోత అతనికి ఆరేడు నిమిషాలవుతుంది. పక్క వరుసలో వాళ్లు ఆ సమయంలో నాలుగైదు లెక్కలు చేసేసి ఉంటారు.

అధికారులు దీనికి చెప్పే జవాబు ఒకటే: "టెన్షన్ వద్దు, టైమర్ ఆగిన చోటు నుంచే మొదలవుతుంది." జేఈఈ మెయిన్ సమాచార బులెటిన్‌లోనూ ఇదే మాట ఉంటుంది. కంప్యూటర్ లేదా మౌస్ మొరాయిస్తే వెంటనే మరో కంప్యూటర్ ఇస్తారని, పోయిన సమయాన్ని సర్వర్‌లో సర్దుబాటు చేసి పూర్తి సమయం దక్కేలా చూస్తారని అందులో రాసి ఉంది. మాట మంచిదే. ఎంత సమయం పోయిందో తేల్చేదెవరు, ఆ లెక్క ఎవరికి కనిపిస్తుందన్న దగ్గరే గొడవంతా మొదలవుతోంది.

పరీక్ష మధ్యలో ఇంటర్నెట్ పోతే అంతా పోయినట్టేనని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి సెంటర్లలో జరిగే ఆన్‌లైన్ పరీక్షల్లో ఎక్కువ భాగానికి ఆ మూడు గంటలూ ఇంటర్నెట్‌తో పెద్దగా పని ఉండదు. ప్రశ్నపత్రం తాళం వేసిన ఫైలుగా ముందే సెంటర్‌లోని సర్వర్‌కు దిగుతుంది, పరీక్ష వేళకు తాళం తెరుచుకుంటుంది. ఆ తర్వాత కంప్యూటర్లన్నీ గోడకు బిగించిన తీగల మీదుగా ఆ సర్వర్‌తోనే మాట్లాడుకుంటాయి. జవాబు మీద నొక్కిన ప్రతిసారీ అది సర్వర్‌లో, సమయంతో సహా నమోదవుతుంది. కాబట్టి ఇంటర్నెట్ దెబ్బ తగిలేది ఎక్కువగా పరీక్షకు ముందే. 2022 ఆగస్టు 4న కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ మధ్యాహ్నం షిఫ్ట్‌లో జరిగింది అదే. ప్రశ్నపత్రం సెంటర్లకు చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది, ఆ షిఫ్ట్ దేశమంతటా రద్దయింది. అలాంటప్పుడు నిర్ణయం తేలికే. ఎవరూ ప్రశ్నలు చూడలేదు కనుక మరో రోజు పెడితే సరిపోతుంది.

కష్టమంతా సగంలో ఆగిన పరీక్షతోనే. ఒక్క కంప్యూటర్ ఆగితే మార్చి ఇస్తారు. సర్వర్ నిలబడి ఉండి కంప్యూటర్లు మాత్రమే ఆగితే, ఆఖరిసారి నమోదైన జవాబుకూ తిరిగి లాగిన్ అయిన క్షణానికీ మధ్య ఖాళీ సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్‌లో ఉంటుంది కనుక సమయం కలపడానికి ఆధారం దొరుకుతుంది. అన్నిటికన్నా చిక్కు అటూ ఇటూ కాని సందర్భాలు. కంప్యూటర్లన్నీ వెలుగుతుంటాయి, కానీ వాటిని సర్వర్‌కు కలిపే చిన్న స్విచ్ పెట్టె యూపీఎస్ మీద లేకపోవడంతో తెరలు బిగుసుకుపోతాయి. ప్రశ్న తెర మీదకు రావడానికే ఇరవై సెకన్లు పడుతుంది. మౌస్ నొక్కితే ఒకసారి పడి ఒకసారి పడదు. సర్వర్ దృష్టిలో ఆ విద్యార్థి లోపలే ఉన్నాడు, టైమర్ నడుస్తూనే ఉంది. కనెక్షన్ తెగిందో లేదో లాగ్ చెప్పగలదు గానీ, కుర్రాడు ఎదురుగా కదలని తెరను చూస్తూ కూర్చున్న సంగతి దానికి తెలియదు.

ఈ లెక్క దేశంలో పెద్ద ఎత్తున కోర్టుకెక్కింది 2018లో. ఆ ఏడాది మే 13న జరిగిన న్యాయవిద్య ప్రవేశ పరీక్ష క్లాట్‌ను కొచ్చిలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నిర్వహించింది. యాభై వేల మందికి పైగా రాశారు. కరెంటు పోవడం, లాగిన్ కాకపోవడం, తెర బిగుసుకుపోవడం వంటి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. సుప్రీంకోర్టు పరీక్షను రద్దు చేయలేదు, మళ్లీ పెట్టమనలేదు. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి నాయకత్వంలోని ఫిర్యాదుల కమిటీ లాగ్‌లు చూసి 4,690 మందికి సమయం పోయిందని తేల్చగా, వాళ్ల మార్కులను ఒక సూత్రం ప్రకారం సవరించమని జూన్ 13న చెప్పింది.

ఆ సూత్రం చూడ్డానికి సులువు. విద్యార్థి తనకు దక్కిన సమయంలో ఎంత వేగంగా, ఎంత సరిగ్గా జవాబులిచ్చాడో అదే తీరు పోయిన సమయంలోనూ ఉండేదనుకుని మార్కులు కలుపుతారు. అప్పటి క్లాట్‌లో 120 నిమిషాలు, 200 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. ఉదాహరణకు ఒకమ్మాయికి 12 నిమిషాలు పోయాయనుకుందాం. మిగిలిన 108 నిమిషాల్లో ఆమె 162 ప్రశ్నలు చేసింది, అందులో 108 ఒప్పు, 54 తప్పు. కోత పోగా 94.5 మార్కులు. ఆమె వేగం నిమిషానికి ఒకటిన్నర ప్రశ్న కాబట్టి 12 నిమిషాల్లో మరో 18 చేసి ఉండేది, అదే పాళ్లలో 12 ఒప్పు, 6 తప్పు. అంటే 10.5 మార్కులు కలిసి 105 అవుతుంది. ఒకే పరీక్షలో పదిన్నర మార్కులంటే ర్యాంకు వేలల్లో మారిపోగల తేడా.

ఈ లెక్క నిలబడేది ఒక్క షరతు మీద: ఆ 12 అనే అంకె సరైనదై ఉండాలి. దాన్ని 12 అని లాగ్ చెప్పాలి, ఇన్విజిలేటర్ జ్ఞాపకం కాదు. అంకె సరైనదైనా సూత్రం అందుకోలేనివి కొన్ని మిగులుతాయి. ఆ 12 నిమిషాలు ఒకేసారి పోవడం వేరు, నాలుగుసార్లు మూడేసి నిమిషాలు పోవడం వేరు. సగం చదివిన పాసేజీని ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. కఠినమైన ప్రశ్నలు ముందు పట్టి, తేలికైనవి ఆఖరి పావుగంటకు వదిలే అలవాటున్నవాళ్లకు సగటు వేగం అన్యాయమే చేస్తుంది. మరో సంగతి కూడా ఉంది. అప్పటికే మొదలైన తొలి విడత కౌన్సెలింగ్‌ను కోర్టు కదిలించలేదు. సవరించిన మార్కులు తర్వాతి విడతల్లోనే పనికొచ్చాయి. మరుసటి ఏడాది క్లాట్ మళ్లీ కాగితం, పెన్నుకు తిరిగిపోయింది.

ఇదే సూత్రాన్ని లాగ్ లేని చోటికి మోసుకుపోతే ఏమవుతుందో 2024 నీట్ చూపించింది. అది కాగితం మీద జరిగే పరీక్ష. ఎవరికి ఎన్ని నిమిషాలు పోయాయో సెకన్లతో చెప్పే యంత్రం అక్కడ లేదు. అయినా ఆ లెక్కనే వాడి 1,563 మందికి అదనపు మార్కులిచ్చారు. ప్రశ్నకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోతగా 720కి జరిగే పరీక్షలో 718, 719 రావడమెలా అని పిల్లలే ముందుగా అడిగారు. ఒక ప్రశ్న వదిలేస్తే 716, తప్పు చేస్తే 715, మధ్యలో మరో అంకె లేదు కదా! క్లాట్ తీర్పు వచ్చి సరిగ్గా ఆరేళ్లు నిండిన జూన్ 13నే ఆ అదనపు మార్కుల రద్దు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కావాలన్నవాళ్లకు జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టారు. 813 మంది రాశారు.

అయితే అందరికీ మళ్లీ పరీక్షే పెట్టేస్తే పోదా అని అడగొచ్చు. ఆన్‌లైన్‌లో అది కనిపించినంత తేలిక కాదు. జేఈఈలో షిఫ్ట్‌కొక ప్రశ్నపత్రం, మార్కులను ఆ షిఫ్ట్‌లో రాసినవాళ్లందరితో పోల్చి పర్సెంటైల్‌గా మారుస్తారు. 2025 జనవరి 22 ఉదయం బెంగళూరులోని ఒక సెంటర్‌లో సాంకేతిక లోపం వల్ల 114 మంది పరీక్ష దెబ్బతింది. వాళ్లకు మాత్రమే వేరే పేపరుతో విడిగా షిఫ్ట్ పెడితే, ఆ 114 మందిలో మొదటివాడికి నూరు పర్సెంటైల్ వచ్చేస్తుంది. లక్ష మందితో పోల్చాల్సిన అంకెను నూట పద్నాలుగు మందితో పోల్చినట్టవుతుంది. అందుకే వాళ్లను అదే నెల 28, 29 తేదీల్లో జరుగుతున్న మామూలు షిఫ్ట్‌ల వైపు మళ్లించారు. అది సరైన పని. కానీ అలా సర్దే అవకాశం షిఫ్ట్‌లు ఇంకా మిగిలి ఉన్నంతవరకే. ఆఖరి రోజు ఆఖరి షిఫ్ట్‌లో కరెంటు పోయినవాళ్లను ఎక్కడ కలపాలి? ఎంసెట్ లాంటి రాష్ట్ర పరీక్షలు కొద్ది రోజుల్లోనే ముగిసిపోతాయి గనుక ఈ ప్రశ్న మన దగ్గర ఇంకా పదునైనది. ఆ షిఫ్ట్ తర్వాత ఒక రోజు ఖాళీ అట్టిపెట్టుకుని, చాలినంత మందితో మరో షిఫ్ట్ నడిపేలా షెడ్యూలు వేయడం తప్ప దీనికి వేరే దారి మాకు కనిపించడం లేదు.

ఎన్ని నిమిషాలు పోతే సమయం కలపాలి, ఎన్ని దాటితే మళ్లీ పరీక్ష రాయించాలి అనే గీతను నోటిఫికేషన్‌లోనే అంకెల్లో అచ్చువేయాలని మా వాదన. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, ముందు ఫిర్యాదు, తర్వాత ఆందోళన, ఆ తర్వాత కమిటీ, చివరికి కోర్టు. గీత ఎక్కడ గీయాలన్నది ఫలితాలు తెలిశాక ఆలోచిస్తున్నారు. అప్పుడు ఏ గీత గీసినా ఎవరో ఒకరి ర్యాంకు చూసి గీసినట్టే ఉంటుంది. తెరలు నల్లబడి పిల్లలు వరండాలో గుమిగూడి ప్రశ్నలు మాట్లాడుకున్న సెంటర్‌లో సమయం కలపడం కూడా పరిష్కారం కాదు. అక్కడ పోయిన నిమిషాలు నాలుగే అయినా పేపరు మారాల్సిందే. ఈ తేడాను కూడా ముందే రాసిపెట్టాలి.

దీనికన్నా ముందు జరగాల్సిన చిన్న పని మరొకటి ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. షిఫ్ట్ ముగిశాక ప్రతి విద్యార్థి తెర మీద మూడు అంకెలు చూపాలి: లాగిన్ అయిన సమయం, మధ్యలో తెగిన నిమిషాలు, తిరిగి కలిపిన నిమిషాలు. అవి సరైనవేనా అని అడిగి, కాదంటే అక్కడే ఒక వాక్యం రాయించుకోవాలి. తెర బిగుసుకున్న సంగతి లాగ్‌కు తెలియదు గనుక ఆ వాక్యమే దానికి సాక్ష్యం. ఈ సమాచారం సర్వర్‌లో ఇప్పటికే ఉంది. వారాల తర్వాత కోర్టు అడిగితే బయటికి వచ్చే కాగితాన్ని ఆ సాయంత్రమే పిల్లవాడికి చూపడానికి అభ్యంతరం ఏమిటో పరీక్షలు నడిపేవాళ్లు చెప్పాలి.

ఇప్పుడైతే జాగ్రత్తపరులైన పిల్లలు చేయగలిగింది ఒక్కటే. కరెంటు పోగానే గోడ గడియారం చూసి, టైమర్‌లో మిగిలిన సమయంతో కలిపి రఫ్ కాగితం మూలన రాసుకుంటారు. తెర తిరిగి వెలిగినప్పుడు మళ్లీ రాసుకుంటారు. మూడు గంటలయ్యాక బయటికొచ్చేటప్పుడు ఆ రఫ్ కాగితాన్ని గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో వేసి రావాలి.