డబ్బు కట్టాం, సరుకు రాలేదు: కార్డుకీ యూపీఐకీ తేడా ఎక్కడుంది?

ఆన్‌లైన్‌లో కొన్న సరుకు రాకపోతే చాలామంది బ్యాంకుకు ఫోన్ చేసి ముందుగా చెప్పే మాట "మోసపోయాను" అని. అక్కడే కేసు సగం దెబ్బతింటుంది. అవతలి ఉద్యోగి "ఓటీపీ మీరే ఇచ్చారా, పిన్ మీరే కొట్టారా" అని అడుగుతారు. అవునంటే, మీరే చేసిన లావాదేవీ కాబట్టి ఏమీ చేయలేమంటారు. ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ మన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకే వర్తిస్తుంది. మనమే కట్టి, సరుకు అందకపోతే అది వేరే రకం ఫిర్యాదు. దానికి దారి వేరు, గడువు వేరు, అడిగే ఆధారాలు కూడా వేరు. ఈ దారి కార్డుకు ఎంత గట్టిగా ఉందో యూపీఐకి అంత గట్టిగా లేదన్నదే నా వాదన.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు మార్చి 3న ఒక వెబ్‌సైట్‌లో 14,000 రూపాయలు పెట్టి స్టడీ టేబుల్ ఆర్డర్ ఇచ్చారు. మార్చి 18 లోగా పంపిస్తామని కన్ఫర్మేషన్ మెయిల్‌లో ఉంది. ఆ తేదీ దాటింది, టేబుల్ రాలేదు. అడిగితే "స్టాక్ రాలేదు సర్, ఇంకో వారం" అంటున్నారు.

కార్డుతో కట్టి ఉంటే ఆయన తన బ్యాంకుకు "సరుకు అందలేదు" అని డిస్ప్యూట్ పెట్టాలి. బ్యాంకు దాన్ని చార్జ్‌బ్యాక్‌గా, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మనే అభ్యర్థనగా, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ ద్వారా వ్యాపారి బ్యాంకుకు పంపుతుంది. ఇక్కడి నుంచి సరుకు అందిందని రుజువు చేసుకోవాల్సింది వ్యాపారి. గడువులోగా జవాబు ఇవ్వకపోయినా, సరైన రుజువు చూపలేకపోయినా డబ్బు వెనక్కి వస్తుంది. వ్యాపారి అప్పటికే దుకాణం ఎత్తేసినా ఆ నష్టం అతని బ్యాంకు నెత్తిన పడుతుంది తప్ప కొనుగోలుదారు మీద కాదు. కార్డుకున్న అసలు బలం ఇదే.

గడువు లెక్క కూడా కొనుగోలుదారుకు అనుకూలంగానే ఉంటుంది. వీసా నిబంధనల్లో ఇలాంటి ఫిర్యాదుకు 120 రోజులు ఇస్తారు. వాటిని డబ్బు కట్టిన రోజు నుంచే కాక, సరుకు అందాల్సిన చివరి తేదీ నుంచి లెక్కించుకునే వీలుంది. మాస్టర్‌కార్డ్‌లోనూ దాదాపు ఇదే లెక్క. మన ఉదాహరణలో మార్చి 18 నుంచి లెక్కిస్తే జులై 16 వరకు సమయం ఉంటుంది. "ఇంకో వారం" అంటూ నెలలు లాగే వ్యాపారి ఆ తేదీ దాటిపోవాలనే చూస్తాడు. కాబట్టి వాయిదాలు రెండోసారి మొదలవగానే ఫిర్యాదు పెట్టేయడం మంచిది. డెబిట్ కార్డుకూ ఇవే నెట్‌వర్క్ నిబంధనలు వర్తిస్తాయి, కానీ తేలేదాకా బయట ఉండేది మన డబ్బు. క్రెడిట్ కార్డయితే అది బ్యాంకు డబ్బు. అలాగని బిల్లు కట్టడం ఆపకూడదు. వివాదంలో ఉన్న మొత్తాన్ని ఏం చేయాలో బ్యాంకును రాతపూర్వకంగా అడిగి, మిగతాది గడువులోగా కట్టేయాలి.

అదే టేబుల్‌కు యూపీఐలో కట్టి ఉంటే? ఇక్కడ రెండు పరిస్థితులు ఉన్నాయి, వాటి మధ్య తేడా చాలా పెద్దది.

వెబ్‌సైట్‌లోని పేమెంట్ గేట్‌వే ద్వారా యూపీఐలో కడితే డబ్బు వ్యాపారి ఖాతాగా నమోదైన చోటికి వెళ్తుంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధనల్లో వ్యాపారి చెల్లింపులకు చార్జ్‌బ్యాక్ ఉంది. సరుకు అందకపోవడం దానికి చెల్లే కారణాల్లో ఒకటి. కాబట్టి యూపీఐలో రక్షణే లేదనడం తప్పు. కానీ ఆ తలుపు ఎక్కడుందో మామూలు మనిషికి కనిపించదు. యాప్‌లో సహాయం విభాగం తెరిస్తే ఎక్కువగా డబ్బు కట్ అయి లావాదేవీ ఫెయిలైన సమస్యల చుట్టూనే తిప్పుతారు. అలాంటి ఫెయిల్యూర్లకు రిజర్వు బ్యాంకు 2019లోనే గడువు పెట్టి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలంది. మన టేబుల్ కేసుకు అది వర్తించదు, ఎందుకంటే చెల్లింపు సక్సెస్ అయింది. కాబట్టి యాప్‌లో ఫిర్యాదు పెట్టి ఊరుకోకుండా, లావాదేవీ రిఫరెన్స్ నంబర్‌తో బ్యాంకుకు కూడా "వ్యాపారికి చేసిన చెల్లింపు, సరుకు అందలేదు, చార్జ్‌బ్యాక్ వేయండి" అని మెయిల్‌లో రాయాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.

రెండో పరిస్థితిలో వెబ్‌సైట్ వాళ్లు "గేట్‌వే పనిచేయట్లేదు, ఈ నంబర్‌కు పంపండి, 5 శాతం తగ్గిస్తాం" అని వాట్సాప్‌లో ఒక ఫోన్ నంబర్ ఇస్తారు. ఆ నంబర్‌కు పంపిన 14,000 రూపాయలు వ్యవస్థ దృష్టిలో ఒక వ్యక్తి మరో వ్యక్తికి పంపిన డబ్బు. కొనుగోలు అనేదే రికార్డులో లేదు, కాబట్టి సరుకు అందలేదన్న చార్జ్‌బ్యాక్‌కూ చోటు లేదు. అవతలి వ్యక్తి ఖాతాలో పడిన డబ్బును అతని అంగీకారం లేకుండా అతని బ్యాంకు వెనక్కి పంపదు. ఇది ముందే పన్నిన మోసమని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే దాన్ని ఆపించగలుగుతారు, చేతులు మారిపోతే కష్టం.

ఏ పరిస్థితిలో ఉన్నామో పిన్ కొట్టక ముందే కొంత తెలుసుకోవచ్చు. స్క్రీన్‌పై దుకాణం పేరు బదులు ఎవరో మనిషి పేరు వస్తే అనుమానించాలి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకున్న వాళ్లకు ఇంకో గుర్తు ఉంది. ఆ కార్డుతో వ్యాపారులకే కట్టగలం, వ్యక్తులకు పంపలేం. కార్డు ఎంచుకునే వీలు లేకపోతే అవతల ఉన్నది వ్యక్తిగత ఖాతా కావచ్చు. వ్యాపారి ఖాతా అయినంత మాత్రాన అతను నిజాయతీపరుడని కాదు, అతని వెనక జవాబు చెప్పాల్సిన బ్యాంకు ఒకటి ఉందని మాత్రమే.

కార్డు కేసులు కూడా ఓడిపోతాయి. ఎక్కువ చిక్కు "డెలివర్డ్" అని చూపించే ట్రాకింగ్ నంబర్‌తో వస్తుంది. కొందరు అదే పిన్‌కోడ్‌లోని వేరే చిరునామాకు ఏదో చిన్న కవర్ పంపి, ఆ నంబర్‌నే రుజువుగా బ్యాంకుకు ఇస్తారు. అప్పుడు కొరియర్ సంస్థను డెలివరీ రుజువు అడగాలి. పార్సిల్ బరువు, చిరునామా, సంతకం సాధారణంగా అందులో ఉంటాయి. పార్సిల్ బరువు 200 గ్రాములే అని ఉంటే అది స్టడీ టేబుల్ కాదని తేలిపోతుంది. ఆ ఒక్క కాగితం కేసును తిప్పేస్తుంది. దానికి తోడు డెలివరీ తేదీ ఉన్న మెయిల్, వ్యాపారిని ముందుగా అడిగినట్టు చూపే మెసేజ్‌లు ఉంచుకోవాలి. వెబ్‌సైట్ రేపు మాయం కావచ్చు కాబట్టి ఆర్డర్ పేజీని ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలి.

ఈ తేడా వెనక డబ్బు లెక్క ఉంది. క్రెడిట్ కార్డు చెల్లింపుపై వ్యాపారి రుసుము కడతాడు, వివాదాలు పరిష్కరించే యంత్రాంగం ఖర్చు అందులోంచే వస్తుంది. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుపై 2020 జనవరి నుంచి వ్యాపారికి రుసుము లేదు. చిన్న దుకాణాలకు అది పెద్ద మేలు, దాన్ని తీసేయమని నేను అనను. కానీ కౌంటర్ దగ్గర సరుకు చేతికి తీసుకుని కట్టడానికీ, చూడని సరుకుకు ముందే కట్టడానికీ ఒకే స్క్రీన్ చూపించడం అన్యాయం. తెలియని వ్యాపారికి ముందే డబ్బు కట్టాల్సి వస్తే క్రెడిట్ కార్డు వాడాలి, అది లేకపోతే వెబ్‌సైట్ గేట్‌వేలోనే యూపీఐ చేయాలి. ఎన్‌పీసీఐ చేయాల్సింది కూడా కష్టమైనది కాదు. "ఇది వ్యక్తిగత ఖాతా, సరుకు రాకపోతే చార్జ్‌బ్యాక్ ఉండదు" అన్న వాక్యాన్ని పిన్ అడిగే ముందు తెలుగులోనూ చూపించాలి, వ్యాపారి చెల్లింపులకు ఫిర్యాదు గడువు ఏ తేదీతో ముగుస్తుందో రసీదు మీదే రాయాలి.