సవరణ: ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ గురించి

"అన్నా, హోమ్ లోన్ అసలు 4,00,000 మిగిలింది. 20వ తేదీకి 4,03,249 కట్టమంటున్నారు. పైన ఉన్నదంతా ఎందుకు కట్టాలి?"

లోన్‌ను గడువుకు ముందే మొత్తం తీర్చేస్తున్న ఒకరు ఇలా అడిగితే, అసలు కంటే ఎక్కువ ఒక్క రూపాయి కూడా కట్టొద్దని మొన్న రాశాను. అది తప్పు. బ్యాంకులో పనిచేసిన ఒక పెద్దాయన చూసి చెప్పాక, ఆర్బీఐ, జీఎస్టీ సర్క్యులర్లు చదివి సరిచేస్తున్నాను.

చివరి ఈఎంఐ 5న కట్టారు కాబట్టి 20 వరకు 15 రోజుల వడ్డీ న్యాయంగా పడుతుంది. 4,00,000 × 9% × 15 ÷ 365 వేస్తే 1,479 వస్తుంది. స్టేట్‌మెంట్‌లోనూ అంతే ఉంది. రెండు రోజులు ఆలస్యంగా కడితే రోజుకు సుమారు 99 పెరుగుతుంది, టెన్షన్ పడకండి.

స్టేట్‌మెంట్‌లో ఉన్న పీనల్ ఛార్జీ 1,000 ఏ నెల ఈఎంఐ ఆలస్యానికి వేశారో అడగండి. నిజంగా ఆలస్యమై, అగ్రిమెంట్‌లో ఆ రేటు ఉంటే కట్టాల్సిందే. కానీ దాని మీద వేసిన 180 జీఎస్టీ తీసేయమనండి. పీనల్ ఛార్జీలకు జీఎస్టీ లేదని 2025 జనవరిలోనే స్పష్టం చేశారు. పీనల్ మొత్తాన్ని అసలులో కలిపి దానిపై వడ్డీ వేయడమూ కుదరదు.

మిగిలింది "ఇతర ఛార్జీలు 590". ఇది 500, దానిపై 18% జీఎస్టీలా కనిపిస్తోంది, అంటే ఏదో సర్వీస్ ఫీజు. ఏ సర్వీసో రాతపూర్వకంగా అడగండి. మీది వ్యక్తిగతంగా తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ కాబట్టి, ఫోర్‌క్లోజర్ ఫీజు మాత్రం ఏ పేరుతోనూ వేయకూడదు.