సున్నా పెట్టి పరీక్షించి కోడ్ కరెక్టే అంటే ఎలా?

ఇవాళ మళ్లీ అదే చూశాను. ఎవరో -u'' = 2 కి ఫైనైట్ ఎలిమెంట్ కోడ్ రాశారు. u(0) = 0 పెడితే జవాబు అచ్చం సరిపోయింది. u(0) = 3 పెట్టగానే గ్రాఫ్ ఎడమ చివర 3 దగ్గర మొదలై, మొదటి ఎలిమెంట్‌లోనే ఒక్కసారిగా కిందికి పడిపోయింది. దానికి దొరికిన సలహా ఏమిటంటే "మెష్ ఇంకా చిన్నది చెయ్యి" అట! ఒళ్లు మండిపోయింది. మెష్ చిన్నది చేసేకొద్దీ ఆ పడిపోవడం ఇంకా నిటారుగా తయారవుతుందే తప్ప పోదు. తప్పు మెష్‌లో లేదు, బౌండరీ కండిషన్ పెట్టిన పద్ధతిలో ఉంది.

చేత్తో లెక్కేసుకోగలిగినంత చిన్న ఉదాహరణ చూద్దాం. ఎడమ చివర u(0) = 3, కుడి చివర u'(1) = 0. అసలు జవాబు u = 3 + 2x - x². నోడ్‌లు 0, 0.5, 0.75, 1. కావాలనే సమానంగా పెట్టలేదు. సమాన దూరాల మెష్ మీద ప్రతి ఎలిమెంట్‌కీ h ఒకటే కాబట్టి, ఏ h ఎక్కడ వాడాలో తప్పినా బయటపడదు.

ఎలిమెంట్ పొడవు h అయితే దాని స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ 1/h ని [1 -1, -1 1] తో గుణిస్తే వచ్చేది. మూడు ఎలిమెంట్‌లకీ 1/h విలువలు 2, 4, 4. లోడ్ విషయానికొస్తే f = 2 కాబట్టి ఒక్కో ఎలిమెంట్ తన రెండు చివరలకీ తలా fh/2, అంటే ఇక్కడ తలా h ఇస్తుంది. అసెంబ్లీ మొత్తం ఇంతే:

```python
for e in range(n):
    h = x[e+1] - x[e]
    K[e:e+2, e:e+2] += np.array([[1, -1], [-1, 1]]) / h
    F[e:e+2] += f * h / 2
```

వచ్చేది ఇది:

```
K =  2  -2   0   0        F = 0.50
    -2   6  -4   0            0.75
     0  -4   8  -4            0.50
     0   0  -4   4            0.25
```

రెండో నోడ్ దగ్గర 6 ఎలా వచ్చిందో చూడండి. ఎడమ ఎలిమెంట్ 2 ఇచ్చింది, కుడి ఎలిమెంట్ 4 ఇచ్చింది, రెండూ కలిశాయి. `+=` బదులు `=` రాస్తే 2 చెరిగిపోయి 4 మాత్రమే మిగులుతుంది. కనిపెట్టడం సులువు. బౌండరీ కండిషన్ పెట్టకముందు ప్రతి అడ్డువరుస మొత్తమూ సున్నా కావాలి, ఎందుకంటే u అంతటా ఒకే విలువ అయితే వాలు ఉండదు. `=` రాసినవాళ్లకి రెండో వరుస మొత్తం -2 వస్తుంది. అలాగే F మొత్తం f ఇంటెగ్రల్‌తో సమానం కావాలి, ఇక్కడ 2. రెండు లైన్ల తనిఖీ. ఎంతమంది చేస్తున్నారు?

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. u0 = 3 అని ముందే తెలుసు. రెండో వరుస సమీకరణం -2·u0 + 6·u1 - 4·u2 = 0.75. u0 తెలిసినదే కాబట్టి ఆ -2·3 ని కుడివైపుకి పంపాలి: 6·u1 - 4·u2 = 6.75. కానీ జనం చేసేది ఏమిటంటే, మ్యాట్రిక్స్ సిమెట్రిక్‌గా ఉండాలని మొదటి అడ్డువరుసతో పాటు మొదటి నిలువువరుసనీ సున్నా చేసేస్తారు, కుడివైపు 0.75 ని మాత్రం ముట్టుకోరు. అప్పుడు మిగతా నోడ్‌లకి ఎడమ చివర 3 ఉందన్న సంగతే తెలియదు. జవాబుగా 3, 0.75, 0.9375, 1 వస్తాయి. మొదటి విలువ తప్ప మిగతావన్నీ u(0) = 0 కి రావలసిన జవాబులు! సరిగ్గా చేస్తే 3, 3.75, 3.9375, 4 వస్తాయి.

ఇదే పాఠ్యపుస్తకాల మీద నా కోపం. మొదటి ఉదాహరణ u(0) = u(1) = 0, రెండోదీ అదే, అభ్యాసాలూ అవే. సున్నాని ఏ నిలువువరుసతో గుణించినా సున్నాయే కాబట్టి, కుడివైపుకి పంపడం మర్చిపోయిన కోడ్ కూడా దర్జాగా పాసైపోతుంది.

రెండు చివరలా సున్నా పెట్టడం వల్ల ఇంకో నష్టమూ ఉంది. లోపలి వరుసలు చూసి "ఇది ఫైనైట్ డిఫరెన్సే కదా" అనుకుని -1, 2, -1 ని నేరుగా నింపేస్తారు. కుడి చివర u'(1) = 0 ఇస్తే అక్కడా 2/h, అంటే 8 పెడతారు. ఆ 8 కి అర్థం x = 1.25 దగ్గర లేని నోడ్ ఒకటి ఊహించి అక్కడ u = 0 అనడం. చివరి నోడ్‌కి ఎలిమెంట్ ఒకవైపే ఉంది, కాబట్టి అక్కడ 4 మాత్రమే, లోడ్ కూడా 0.25 మాత్రమే. ఎలిమెంట్‌లవారీగా కలుపుకుంటూ వస్తే ఇది దానంతటదే సరిగ్గా పడుతుంది.

నోడ్‌ల దగ్గర జవాబు అచ్చం కలిసిందని మురిసిపోకండి. లోడ్ ఇంటెగ్రల్ కచ్చితంగా వేస్తే -u'' = f కి నోడల్ విలువలు ఎప్పుడూ కచ్చితంగానే వస్తాయి. తప్పంతా నోడ్‌ల మధ్యలో ఉంటుంది: x = 0.25 దగ్గర అసలు విలువ 3.4375, మనది 3.375. నోడ్‌ల దగ్గర మాత్రమే పోల్చి "ఎర్రర్ సున్నా" అని గ్రాఫ్ పెట్టేవాళ్లు మెథడ్ కచ్చితత్వం గురించి ఏమీ చూపించనట్టే.

ఇక ఎన్నాళ్లుగానో ఉన్న బాధ ఒకటి. "లీనియర్ ఎలిమెంట్‌లతో ఫ్లక్స్ బాగా రాదు" అని తేల్చేస్తుంటారు. u'(0) కోసం మొదటి ఎలిమెంట్ వాలు తీస్తారు: (3.75 - 3)/0.5 = 1.5. అసలు విలువ 2. సమాన మెష్ మీద కూడా ఆ వాలు 2 - h వస్తుంది, కాబట్టి తప్పు 0.01 కి దిగాలంటే నూరు ఎలిమెంట్‌లు పెట్టాలి. కచ్చితమైన జవాబు మాత్రం వాళ్లు చెరిపేసిన ఆ మొదటి అడ్డువరుసలోనే ఉంది. వీక్ ఫామ్‌లో మొదటి హ్యాట్ ఫంక్షన్‌ని పెట్టి చూస్తే, ఆ వరుసని జవాబుతో గుణించి లోడ్ తీసేస్తే మిగిలేది -u'(0). లెక్క వేయండి: 2·3 - 2·3.75 - 0.5 = -2. అంటే u'(0) = 2, మూడు ఎలిమెంట్‌లతోనే! కావలసిందల్లా చెరిపేముందు ఆ వరుసని దాచుకోవడం:

```python
K0, F0 = K[0].copy(), F[0]
F -= 3 * K[:, 0]
K[0, :] = 0
K[:, 0] = 0
K[0, 0] = 1
F[0] = 3
u = np.linalg.solve(K, F)
flux = -(K0 @ u - F0)
```

రెండో లైన్ ఆ నిలువువరుసని సున్నా చేయకముందే రావాలి. `K[:, 0] = 0` కి సరిగ్గా కిందికి జరిపితే అది సున్నాని తీసేస్తుంది, మళ్లీ 3, 0.75, 0.9375, 1 వస్తాయి.