టెయిల్‌లో కరెంట్ సోర్స్ పెట్టగానే సీఎంఆర్‌ఆర్ అనంతం అయిపోదు

"డిఫరెన్షియల్ పెయిర్‌లో ఎమిటర్ రెసిస్టర్ తీసేసి కరెంట్ సోర్స్ పెట్టండి, సీఎంఆర్‌ఆర్ అనంతం. ఔట్‌పుట్ ఒక కలెక్టర్ నుంచి తీసుకున్నా, రెండిటి మధ్య తీసుకున్నా ఒకటే. చాలకపోతే కాస్కోడ్ చేయండి, ఏ ఫ్రీక్వెన్సీలోనైనా నాయిస్ రాదు."

ఇది గ్రూపు గ్రూపుకీ తిరుగుతూనే ఉంది. నమ్మి బోర్డులు గీసేవాళ్ళున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

ఇన్‌పుట్ల మధ్య తేడాకు వచ్చే గెయిన్, రెండూ కలిసి కదిలితే వచ్చే గెయిన్‌కు ఎన్ని రెట్లో చెప్పేదే సీఎంఆర్‌ఆర్. అనంతం సంగతి ఒక్క లెక్కతో తేలుతుంది. రెండు ఎమిటర్లు కలిసే చోటే టెయిల్; అక్కడి కరెంట్ 1 మిల్లీఆంప్ అయితే ఒక్కో ట్రాన్సిస్టర్ gm దాదాపు 19.2 మిల్లీసీమెన్స్. అర్లీ వోల్టేజ్ 100 వోల్టులున్న మామూలు కరెంట్ మిర్రర్ ఇచ్చే ఔట్‌పుట్ రెసిస్టెన్స్ 100 కిలోఓమ్‌లు. ఇన్‌పుట్లు రెండూ కలిసి 1 వోల్టు కదిలితే టెయిల్ కరెంట్ 10 మైక్రోఆంప్‌లు మారుతుంది. అందులో సగం 10 కిలోఓమ్‌ల లోడ్ మీద 50 మిల్లీవోల్టులుగా కనబడుతుంది. ఒక కలెక్టర్ నుంచి తీసుకుంటే డిఫరెన్షియల్ గెయిన్ 96, కాబట్టి సీఎంఆర్‌ఆర్ 1,920, అంటే 66 డీబీ. అనంతం ఎక్కడ?

రెండు కలెక్టర్ల మధ్య తీసుకుంటే ఆ 50 మిల్లీవోల్టులు రెండు వైపులా వచ్చి రద్దవుతాయి. లోడ్లలో 1 శాతం తేడా ఉంటే మిగిలేది అర మిల్లీవోల్టే; డిఫరెన్షియల్ గెయిన్ రెట్టింపై 192 అవుతుంది కాబట్టి సీఎంఆర్‌ఆర్ 112 డీబీకి చేరుతుంది. "ఒకటే" అన్నచోట 46 డీబీల తేడా! ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి: తక్కువ ఫ్రీక్వెన్సీలో, ఇలా రెండిటి మధ్య తీసుకుంటే, -15 వోల్టులకు కట్టిన 14.3 కిలోఓమ్‌ల ఉత్త రెసిస్టర్ కూడా 95 డీబీ ఇస్తుంది. చాలా పనులకు అది చాలు.

అన్నిటికన్నా చేటు చేసేది కాస్కోడ్ మాట. టెయిల్ నోడ్ దగ్గర ట్రాన్సిస్టర్లదీ ట్రాక్‌దీ కలిపి 5 పికోఫారడ్‌లు ఉన్నాయనుకోండి. 1 మెగాహెర్ట్జ్ దగ్గర దాని ఇంపిడెన్స్ 32 కిలోఓమ్‌లు. కాస్కోడ్ 10 మెగాఓమ్‌లు ఇచ్చినా దానికి సమాంతరంగా ఈ 32 కిలోఓమ్‌లే రాజ్యమేలుతాయి. ఒక కలెక్టర్ నుంచి చూస్తే మామూలు మిర్రర్‌కు 55.3 డీబీ, కాస్కోడ్‌కు 55.7. అర డీబీ కూడా రాని లాభానికి "ఏ ఫ్రీక్వెన్సీలోనైనా" అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? కాస్కోడ్ లాభం ఈ సర్క్యూట్‌లో 318 కిలోహెర్ట్జ్ దాటితే కరిగిపోతుంది. అక్కడ పనికొచ్చేది టెయిల్ నోడ్ కెపాసిటెన్స్ తగ్గించడం: ట్రాక్ చిన్నది చేయండి, టెయిల్‌లో చిన్న ట్రాన్సిస్టర్ వాడండి.

సిమ్యులేషన్‌లో అనంతం కనబడిందంటారా? ఆదర్శ సోర్స్ పెడితే కనబడక ఏమవుతుంది. దాని బదులు ఇది పెట్టండి:

```
ITAIL E VEE 0.857m
RTAIL E VEE 100k
CTAIL E VEE 5p
```

E అంటే టెయిల్ నోడ్; VEE -15 వోల్టులైతే మిగతా 0.143 మిల్లీఆంప్ RTAIL నుంచే వస్తుంది. కలెక్టర్ల మధ్య ఔట్‌పుట్ చూసేటప్పుడు ఒక లోడ్‌ను 10.1k చేయండి, లేకపోతే అక్కడ ఔట్‌పుట్ సున్నా అయి మళ్ళీ అనంతమే కనబడుతుంది.