డప్పు ఎవరి ముందు మోగుతోంది?

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద డప్పులు మోగితే తెలిసినవాడెవడూ వెంటనే చిందెయ్యడు. టపాకాయలు పేలతాయి, పూలు చల్లుతారు, ముందు నలుగురు కుర్రాళ్లు ఒళ్లు మరిచి ఊగుతుంటారు. ఇవన్నీ పెళ్లి ఊరేగింపులోనూ ఉంటాయి, శవయాత్రలోనూ ఉంటాయి. అందుకే మన పెద్దలు మెడ చాచి, వెనక బండి మీద మనిషి కూర్చున్నాడా పడుకున్నాడా అని చూసుకుని, ఆ తర్వాతే నవ్వాలో చెప్పులు విడిచి దణ్ణం పెట్టాలో నిర్ణయించుకుంటారు. ఈ మెడ చాచడమనే అనవసర శ్రమ నుంచి మన వ్యాపార ప్రపంచం విముక్తి పొందింది. డప్పు వినపడిందా, చిందెయ్యి. బండి సంగతి తర్వాత. ఈ ప్రగతిని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను, ఎందుకంటే నా జీవనం దాని మీదే. ఊళ్లో కొట్లకి కాప్షన్లు రాసిపెట్టేవాణ్ణి నేను.

ఈ వృత్తిలో వేదవాక్యం ఒకటే: "ట్రెండింగులో ఉంది గదా!" దీని తర్వాత ఇంకో ప్రశ్న ఉండదు. పోయిన ఏడాది ఒక మీమ్ నడిచింది. పిల్లోడు మంచం కింద దాక్కుంటాడు, వాళ్లమ్మ చీపురు పట్టుకుని "యాడికి పోతావురా, రాత్రికి ఇంటికి రావా?" అంటుంది. ఒకే వారంలో దాన్ని ఒక బోర్‌వెల్ లారీ ఆయన, ఒక పళ్ల డాక్టరు, ఒక ప్లాట్ల వెంచరు, ఒక ఎంసెట్ కోచింగు, ఒక కాన్పుల ఆసుపత్రి వాడుకున్నాయి. బొమ్మ ఒకటే, మాట ఒకటే, కింద ఫోన్ నంబరే వేరు. నేను సరదాకి వాటి పేర్లు అటూ ఇటూ మార్చి చూశాను. పళ్ల డాక్టరు పోస్టుకి బోరు లారీ పేరు పెట్టినా చక్కగా అతికింది. అంటే ఆ హాస్యం పళ్లదీ కాదు, నీళ్లదీ కాదు; జనం నవ్వుకుని వెళ్లిపోతారు, ఎవరు పెట్టారో ఒక్కడికీ గుర్తుండదు. పేరు తీసేసి పక్క కొట్టు పేరు పెడితే చెడిపోయే జోకు ఒక్కటే మన జోకు. ఈ రహస్యం నేను ఎవరికీ చెప్పను. చెబితే నెలకి నాకొచ్చే పనిలో ముప్పాతిక పోతుంది.

ఇంకో చిత్రం ఈ మీమ్‌ల వయసు. మా మావయ్యది మలై కాజాల కొట్టు. నిన్నటి కాజా ఇవ్వాళ గాజు బీరువాలో కనపడితే మాస్టర్ని కేకలేస్తాడు. అదే మావయ్య, మీమ్ విషయంలో మాత్రం మా బావమరిది పంపిన డ్రాఫ్టుని మా అక్కకి చూపించి, అక్క మా బావకి చూపించి, ఆయన హైదరాబాదులో వాళ్ల ఆఫీసతన్ని అడిగి, ఆరో రోజున "సరే వెయ్యి" అంటాడు. ఆరు రోజుల మీమ్‌కి బూజు కనపడదు గాబట్టి సరిపోయింది.

సరే, అసలు సంగతికొస్తాను. కార్తీక మాసం, మూడు రోజుల నుంచి ముసురు. పొద్దున్నే బావమరిది ఫోను. "బావా, బంగారం లాంటిది దొరికింది. #MalliVachindi ఊరంతా ఆడతా ఉంది. మన కాజాలకి అచ్చంగా సరిపోద్ది. రాసి పెట్టినా కూడా." చదివాడు. "మళ్ళీ వచ్చింది! వద్దన్నా వదలదు, నోట్లో వేస్తే కరిగిపోద్ది. మీ మలై కాజా." చివర ఆ హ్యాష్‌ట్యాగు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. నాకంటే బాగా రాశాడని కాస్త కుళ్లు కూడా పుట్టింది.

"ఏం చూసి దొరికిందన్నావురా?" అన్నాను.

"టాప్ చూసినా. ఒకడు వాళ్లత్త బ్యాగు పట్టుకుని మెట్లెక్కతా ఉంటే పెట్టుండాడు. ఇంకొకడు కరెంటు బిల్లు పెట్టుండాడు. అంతా నవ్వులాటే."

ట్యాగు వెతికితే వచ్చే టాప్ అనే అర ఎప్పుడూ అంతే. బాగా చూసినవి, బాగా పంచుకున్నవి పైకి తేలతాయి, నవ్వు ఎక్కువ తేలుతుంది. పక్కనే లేటెస్ట్ అని ఇంకో అర ఉంటుంది. అక్కడ వడపోత ఉండదు, ఎవరు ఎప్పుడు పెడితే అప్పుడు వచ్చి పడుతుంది. నేను అది తెరిచి, మా ఊరి పేరు కూడా జోడించి వెతికాను. మొదటి ఫోటో ఒక ఇంటి గోడ. రంగు వెలిసిన గోడ మీద నడుము ఎత్తున మట్టి గీత, అది పాతది. దానికి జానెడు కింద కొత్త నీళ్లు. మధ్యలో గ్యాసు బండ పక్కకి ఒరిగి తేలుతోంది. పైన రెండే మాటలు: మళ్ళీ వచ్చింది.

అలా కిందికి పాతిక ముప్పై పోస్టులు దిగాను. వెనక్కి వెళ్లేకొద్దీ అత్త లేదు, కరెంటు బిల్లు లేదు. ముందు రోజు రాత్రి పెన్నా వారన పల్లపు వీధుల్లో ఉండేవాళ్లు తమ గడపల ఫోటోలు పెడుతూ మొదలుపెట్టిన మాట అది. నీళ్లు మళ్ళీ వచ్చాయి, ఎవరూ రాలేదు, అదీ వాళ్ల గోడు. దాన్ని ఎక్కడో పొడి నేల మీద ఉన్నవాళ్లు అందుకుని అత్తగారికి తగిలించారు. మా వాడు అందుకున్నది ఆ మూడో చేతి నుంచి. డప్పు విన్నాడు, ఊగేవాళ్లని చూశాడు, బండి చూడలేదు.

పైగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుకి ఇంకో వేషం ఉంది. Malli అంటే మళ్ళీ అయినా కావచ్చు, మల్లి అయినా కావచ్చు. ఆ ట్యాగులోనే ఒక పూల కొట్టాయన మల్లెమాలల ఫోటో పెట్టి ఉన్నాడు, గ్యాసు బండకి సరిగ్గా కింద. ఆయన తప్పేం లేదు పాపం, ఆయన మల్లె ఆయనకి వచ్చింది.

మా బావమరిదికి ఇదంతా చెబితే వినడని తెలుసు. దూరపు కొండలంటేనే వీళ్లకి గౌరవం, అందుకని అమెరికా తీసుకొచ్చాను. 2014 సెప్టెంబరులో అక్కడ #WhyIStayed అని ఒక హ్యాష్‌ట్యాగు లేచింది. ఒక ఫుట్‌బాల్ ఆటగాడు కాబోయే భార్యని కొట్టిన వీడియో బయటికొచ్చిన రోజులు. కొట్టే మగవాడి దగ్గర ఎందుకు ఉండిపోయామో ఆడవాళ్లు తమ కథలు అందులో రాసుకుంటున్నారు. డిజోర్నో అనే పిజ్జా కంపెనీ అదే ట్యాగు తగిలించి "నీ దగ్గర పిజ్జా ఉంది గనక" అన్న అర్థంలో ఒక ముక్క పెట్టింది. కాసేపట్లోనే తీసేసింది, ట్యాగు దేని గురించో చదవకుండా పెట్టామని ఒప్పుకుంది, తిట్టినవాళ్లకి ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణ చెప్పుకుంటూ కూర్చుంది. పోస్టు తీసేశారు గానీ స్క్రీన్‌షాట్లు తీసెయ్యడం వాళ్ల చేతిలో లేదు. ఇన్నేళ్ల తర్వాత నేనిక్కడ నెల్లూరులో కూర్చుని చెబుతున్నానంటే చూడండి.

"అది మొగుడూ పెళ్లాల గొడవ బావా. మనది ఊరు" అన్నాడు.

ఊరి కథా ఉంది. 2012 జులైలో అమెరికాలో అరోరా అనే ఊళ్లో సినిమా హాల్లో కాల్పులు జరిగి 12 మంది చనిపోయారు. ఆ ఊరి పేరు ట్రెండింగులోకి వచ్చింది. బ్రిటన్‌లో సెలెబ్ బొటీక్ అనే ఆన్‌లైన్ బట్టల కొట్టు దగ్గర అరోరా అనే పేరుతో ఒక గౌను ఉంది. ఇంకేం, అరోరా ట్రెండింగులో ఉందంటే మా గౌను గురించేనని సంబరంగా పోస్టు పెట్టారు. తర్వాత, కారణం చూసుకోలేదని సంజాయిషీ. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయినప్పుడు మన ఊరి పేరు కూడా అందరి నోళ్లలో నానింది. అది మన కాజా రుచి గురించి కాదు. ఊరి పేరు ఉన్నట్టుండి పైకి లేచిందంటే సంబరమో సావో ముందు కనుక్కోవాల్సిందే, వేరే దారి లేదు.

మావయ్య ఫోను లాక్కున్నాడు. "అబ్బయ్యా, ఇదంతా వద్దులే. మన సింధు పతకం గెలిచినప్పుడు అందరూ అభినందనలు పెట్టలా? మనమూ ఏదో మంచిది జరిగినప్పుడే పెడదాం." మంచి మాటే అన్నాడు, కానీ దాన్లోనూ గుంట ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం గెలిచాక, అనుమతి లేకుండా ఆమె పేరూ బొమ్మా వాడి తమ సరుకు పేరు పక్కన పెట్టుకున్న కంపెనీలకి ఆమె వ్యవహారాలు చూసే సంస్థ లీగల్ నోటీసుల దాకా వెళ్లింది. మనిషిగా మావయ్య ఎవరినైనా అభినందించొచ్చు. కింద కొట్టు లోగో, కిలో రేటు పెడితే అది అభినందన కాదు, డబ్బివ్వని ప్రకటన. ఈ సంగతి చెబితే మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కొట్టు గోడకి ఇప్పటికే ముగ్గురు క్రికెటర్లు కాజా తింటున్నట్టు బొమ్మలున్నాయి.

చివరికి ఒక పరీక్ష పెడదామన్నాను. మన పోస్టు ఒంటరిగా బాగుందా లేదా అని కాదు, అది పడే చోట పడుకోబెట్టి చూద్దాం. బావమరిది చేత ఆ లేటెస్ట్‌లోంచి ఐదు పోస్టులు వరసగా పైకి చదివించి, ఆరోదిగా తన కాప్షన్ చదవమన్నాను. గోడ. మునిగిన స్కూటరు. మేడ మీద కూర్చోబెట్టిన ముసలమ్మ. గ్యాసు బండ. "పాల ప్యాకెట్ ఎవరైనా తెస్తారా, పసిబిడ్డ ఉంది" అని ఒక నంబరు. ఆ తర్వాత: "మళ్ళీ వచ్చింది! వద్దన్నా వదలదు, నోట్లో వేస్తే కరిగిపోద్ది."

'వదలదు' దగ్గర వాడి గొంతు ఆగింది. రాసినప్పుడు కాజాది అనుకున్న ప్రతి మాటా నీళ్లదై కూర్చుంది.

"ముందే టైము పెట్టి వదిలిన పోస్టులేమన్నా ఉండాయా?" అని అడిగాను. ఉంది. సాయంత్రం ఆరింటికి, 'వానల్లో వేడి వేడిగా' అని, పోయిన వారం పెట్టి మరిచిపోయినది. ఎవరూ కూర్చుని నొక్కనక్కర్లేదు, టైముకి దానంతటదే పోయి పడుతుంది. ఊరు మునిగినరోజు మొట్టమొదట ఆపాల్సినవి ఇవే. దాన్నీ ఆపించాను.

ఇంతలో వెనక నుంచి మావయ్య ఎవరి మీదో అరుస్తున్నాడు. మాస్టర్ రాలేదట, పొద్దున్నించీ పొయ్యి వెలగలేదట, ఫోను ఎత్తడట. "యాడుంటాడ్రా వాడు?" అంటే, పనివాడు చెప్పాడు. పెన్నా కట్ట కింద.

అక్కడ ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత బావమరిది మెల్లగా, చాలా బాధ్యతగా అన్నాడు: "బావా, అయితే కాజా పోస్టు వద్దు. సానుభూతి పోస్టు వేద్దాం. నల్ల బ్యాక్‌గ్రౌండు, ఒక దీపం. 'వరద బాధితులకు మా ప్రగాఢ సానుభూతి.' కింద లోగో, రెండు బ్రాంచీల అడ్రసు, బల్క్ ఆర్డర్ల నంబరు."

లోగో చిన్నది చెయ్యమన్నాను. చేశాడు. అడ్రసు తీసెయ్యమన్నాను. మావయ్యని అడిగి, ఒక బ్రాంచీది తీసేశాడు. ఆ బల్క్ ఆర్డర్ల నంబరు కూడా తీసెయ్యరా అన్నాను.

"అది కూడా తీసేస్తే," అన్నాడు మావయ్య ఫోన్లో దూరం నుంచి, "మనకి సానుభూతి ఉండాదని జనానికి ఎట్ట తెలస్తాది?"